ఇరవై రెండు పేజీలు, మూడు విజిళ్లు

సదస్సు వాళ్ల మెయిల్లో రెండే వాక్యాలున్నాయి. మీ పత్రం మౌఖిక సమర్పణకు ఎంపికైంది. మీ సమయం పది నిమిషాలు, ఆపైన ప్రశ్నలకు రెండు. మొదటి వాక్యం చదవగానే వంటింట్లోకి పరిగెత్తి మా ఆవిడకు చెప్పాను. రెండోది రాత్రి భోజనం అయ్యాక చదివాను.

పత్రం ఇరవై రెండు పేజీలు. వరి మడిలో ఎప్పుడూ నీళ్లు నిలబెట్టకుండా మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ తడిపితే ఎంత నీరు మిగులుతుంది, దిగుబడి ఏమవుతుంది అన్నది విషయం. సార్వా ఒకటి, దాళ్వా ఒకటి, రెండు పంటలు. నీళ్లు పెట్టే తీరులు నాలుగు, ఒక్కోదానికి మూడేసి మళ్లు, వెరసి పన్నెండు మళ్లు. పదినిమిషాల్ని పంచితే మడికి యాభై సెకన్లు వస్తాయి. ఆ యాభై సెకన్లలో గట్టు దాటడమే కష్టం.

మొదటి రిహార్సలు ఆదివారం సాయంత్రం వంటింట్లో జరిగింది. సదస్సుల్లో అధ్యక్షుడి దగ్గర గంట ఉంటుంది, మా ఇంట్లో లేదు. "కందిపప్పు పెడుతున్నానండీ, మన కుక్కరుకి మూడు విజిళ్లంటే పది నిమిషాలు, మొదలెట్టండి," అంది మా ఆవిడ. ఊరి నుంచి వచ్చిన నాన్న పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. సభ నిండినట్టే లెక్క.

నలభై ఒక్క స్లైడ్లు. మొదటి విజిల్ వచ్చేసరికి ప్రపంచ జనాభాలో సగానికి పైగా వరి మీద ఆధారపడి ఉందని నిరూపిస్తున్నాను. వరి మీద రాసిన ప్రతి పత్రమూ ఇలాగే మొదలవుతుంది, ఆ వాక్యం లేకపోతే జనమెవరూ అన్నం తిననట్టు. రెండో విజిల్‌కి ఇంతకుముందు ఎవరెవరు ఏమేం రాశారో చెబుతున్నాను. మూడో విజిల్‌కి మా ప్రయోగక్షేత్రం అక్షాంశ రేఖాంశాల దగ్గరున్నాను. పప్పు ఉడికింది, నేను ఇంకా మడికి నీళ్లు పెట్టలేదు.

"ఏ రకంరా?" అన్నాడు నాన్న.

"అది ఇక్కడ ముఖ్యం కాదు నాన్నా."

నాన్న ఏమీ అనలేదు. ఒక చిక్కుడుకాయ ఈనె మాత్రం కాస్త గట్టిగా లాగాడు.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. నేను తొందరపడకుండా మాట్లాడితే నిమిషానికి నూట ఇరవై మాటలు వస్తాయి. పది నిమిషాలకు పన్నెండు వందలు. పత్రంలో ఏడు వేల పైచిలుకు ఉన్నాయి. అంటే ఆరో వంతు కూడా పట్టదు. నాలాంటి న్యాయవర్తనుడికి వెంటనే తోచేది, ప్రతి విభాగాన్నీ ఆరో వంతుకు కుదించడం. కుదించాను కూడా. పరిచయానికి నిమిషంన్నర, పద్ధతికి నిమిషంన్నర, ఇలా ఎవరికీ అన్యాయం జరక్కుండా అందరికీ పంచాను. మర్నాడు మా ఆవిడకు వినిపిస్తే, "పెళ్లిభోజనంలో అన్నీ వడ్డించి, ముద్ద కలిపే లోపే ఆకు ఎత్తేసినట్టుందండీ," అంది. ఆవిడ స్కూల్లో లెక్కలు చెబుతుంది కాబట్టి పొగడ్తలు లెక్కపెట్టి వాడుతుంది.

తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. నేను కుదిస్తున్నాను, చెయ్యాల్సింది వదిలెయ్యడం. ఏది వదలాలో తేలాలంటే ముందు ఏది మిగలాలో తెలియాలి. అందుకని హాలు దాటి టీ దగ్గరికి వెళ్లేవాడికి గుర్తుండాల్సిన వాక్యం ఒక్కటే రాసుకున్నాను. నీరు నేలమట్టానికి పదిహేను సెంటీమీటర్ల కిందికి దిగేదాకా ఆగి తడిపితే, దాళ్వాలో దిగుబడి తగ్గకుండా దాదాపు నాలుగో వంతు నీరు మిగిలింది. ఇక ఒక్కో స్లైడూ తీసి చూడటమే. ఇది తీసేస్తే ఆ వాక్యం పడిపోతుందా? పడకపోతే స్లైడు పోతుంది.

జనాభా పోయింది, వాక్యం కదల్లేదు. పూర్వ పరిశోధనల స్లైడ్లు ఆరూ పోయాయి. ఆ పరిశోధనలు చేసినవాళ్లలో సగం మంది ఆ హాల్లోనే కూర్చుంటారు, వాళ్ల సంగతి వాళ్లకే చెప్పడం ఎందుకు? మట్టి ఉదజని సూచిక పోయింది. విషయసూచిక స్లైడు కూడా పోయింది. పది నిమిషాల దారికి మ్యాపు గీయడం, మా వీధి చివరి కొట్టుకు వెళ్లడానికి రిజర్వేషన్ చేయించుకోవడం లాంటిది.

పద్ధతుల విభాగం దగ్గర చెయ్యి ఆగింది. ఏడు పేజీలు. అన్నీ తీసేస్తే వాక్యం పడిపోతుంది, ఎందుకంటే "పదిహేను సెంటీమీటర్ల కిందికి దిగింది" అని ఎలా తెలిసిందని ఎవడైనా అడుగుతాడు. చివరికి ఏడు పేజీల స్థానంలో ఒక ఫొటో మిగిలింది. ప్లాస్టిక్ పైపు ముక్క, కింది సగానికి చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు. ఆ సగాన్ని మట్టిలోకి దింపి, లోపలి మట్టిని చేత్తో తోడేస్తాం. బయట నేలలో నీరు ఏ మట్టంలో ఉంటే పైపులోనూ ఆ మట్టమే కనిపిస్తుంది. పైపు అంచు మీద స్కేలు పెట్టి చూస్తే చాలు. పదిహేనుకు దిగితే, మడిలో అయిదు సెంటీమీటర్ల నీరు నిలిచేదాకా పెడతాం. పూత సమయంలో మాత్రం ఆరనివ్వం. ఫొటోలో పైపు పక్కన మా ఫీల్డ్ అసిస్టెంటు మోకాలి దాకా బురదతో నిలబడి ఉన్నాడు. అతన్ని కత్తిరించమన్నారు ఒకరు. పైపు ఎంత ఎత్తుందో తెలిసేది అతని మోకాలి వల్లే అని ఉంచేశాను.

తర్వాత అయిదో పట్టిక. తొమ్మిది నిలువు వరసలు, పద్నాలుగు అడ్డ వరసలు, ప్రతి అంకె పక్కనా చిన్న అక్షరం, అడుగున సి.డి. విలువలు. దాన్ని మొదట పత్రంలోంచి యథాతథంగా అతికించాను. "వెనక వరసల వాళ్లకు ఇది కనిపించకపోవచ్చు" అనే వాక్యం కూడా సాధన చేశాను. ఆ వాక్యం మన సదస్సుల్లో ప్రార్థనాగీతం లాంటిది. కనిపించదని తెలిసినప్పుడు చూపించడం ఎందుకని ఇన్నేళ్లుగా ఎవరూ అడగలేదు. మా ఆవిడ అడిగింది. పట్టిక స్థానంలో నాలుగు కడ్డీల బొమ్మ వచ్చింది. నిరంతరం నీరు నిలిపిన మడి, పది దాకా ఆరనిచ్చింది, పదిహేను దాకా, ఇరవై దాకా. ఇరవై దగ్గర దిగుబడి కడ్డీ కిందికి దిగుతుంది. ఆ కడ్డీ మా ఓటమే, అయినా ఉండాలి. అది లేకపోతే పదిహేను దగ్గరే ఎందుకు ఆగామో తెలియదు.

అసలు కష్టం మీథేన్ దగ్గర వచ్చింది. నీరు నిలిచిన మట్టిలోకి గాలి అందదు, అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. ఆరనిస్తే తగ్గుతుంది. దాన్ని కొలవడానికి వారానికోసారి పొద్దున్నే మొక్కల మీద పెట్టెలు బోర్లించి, సిరంజితో గాలి లాగి, జలగల్ని పీక్కుంటూ గట్టెక్కేవాణ్ణి. ఆ గ్రాఫు ఎంత అందంగా కిందికి జారుతుందో చెప్పలేను. పెళ్లి ఫొటోల్లో కూడా నేనంత బాగా పడలేదు.

దాని పక్కనే ఇంకో గ్రాఫు ఉంది, అది పైకి పోతుంది. తడి, పొడి మారుతుంటే వేసిన యూరియాలో కొంత నత్రజని నైట్రస్ ఆక్సైడుగా లేచిపోతుంది. పరిమాణం కొంచెమే, కానీ 2013 నాటి ఐపీసీసీ లెక్క ప్రకారం నూరేళ్ల మీద చూస్తే కిలో మీథేన్ 28 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానమైతే, కిలో నైట్రస్ ఆక్సైడు 265 కిలోలకు సమానం. "టైము లేదు కదా, దిగేది ఉంచు, ఎక్కేది తియ్యి," అన్నారు మా పెద్దసారు. ఆయన సహరచయిత, పైగా నా సెలవు చీటీల మీద సంతకం పెట్టే మనిషి.

"సార్, తీస్తే రెండూ తియ్యాలి. ఉంచితే రెండూ ఉంచాలి," అన్నాను. ఖర్చు తీసేసి రాబడి మాత్రం చూపించడం కుదించడం కాదు, చిట్‌ఫండు కంపెనీ పని. కానీ ఆ మాట సారుతో అనలేదు, ఇక్కడే అంటున్నాను. రెండూ ఉంచితే వాటిని కలిపి లెక్కకట్టి చూపడానికి మూడు నిమిషాలు కావాలి. మూడు నిమిషాల్లేవు. అందుకని నా జలగల గ్రాఫు, దాని తోబుట్టువు, రెండూ చివరి స్లైడు తర్వాత దాచుకునే బ్యాకప్ లోకి వెళ్లాయి. ఆ రాత్రి వాటిని ఇంకో రెండుసార్లు తెరిచి చూసుకుని పడుకున్నాను.

మర్నాడు సారు సార్వా మీద పడ్డారు. "అక్కడేం రాలేదు కదయ్యా, వదిలెయ్." నిజమే, ఏమీ రాలేదు. సార్వాలో వానలు వదల్లేదు, పైపులో నీరు పదిహేను దాకా దిగింది ఒక్కసారి. ఆరితేనే కదా ఆదా. టైము కోసం ఆ పంట గ్రాఫులు తీసెయ్యడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ పంటనే తీసేస్తే, వినేవాడు ఆ నాలుగో వంతు ఏడాది పొడవునా మిగులుతుందనుకుని ఇంటికెళతాడు. అలా అని దానికో స్లైడు ఇవ్వక్కర్లేదు. దాళ్వా గ్రాఫు కిందే ఒక వరస రాశాను. సార్వాలో వానలు మడిని ఆరనివ్వలేదు, ఆదా దాదాపు లేదు. చదవడానికి ఎనిమిది సెకన్లు. సారు ఒప్పుకున్నారు, అక్షరాలు చిన్నవిగా ఉండాలన్న షరతు మీద. ఆ షరతు నాకు సరిగ్గా వినబడలేదు.

మిగిలినవి తొమ్మిది స్లైడ్లు. బ్యాకప్‌లో నాలుగు. వాయువులు, కలుపు, ఖర్చు, మడి నుంచి మడికి నీరు ఊరకుండా గట్లలో ప్లాస్టిక్ షీటు పాతిన ఫొటో. ఆఖరిది తప్పకుండా అడుగుతారు. నీరు మిగిలిందంటే పక్కమడి తాగలేదని సాక్ష్యం చూపించాలి మరి.

ఆఖరి రిహార్సలులో మూడో విజిల్‌కి ఇరవై సెకన్ల ముందే ముగించాను. మా ఆవిడ స్టవ్వు కట్టేసి చప్పట్లు కొట్టింది. నాన్న పేపరు కిందికి దించాడు. "అంతా బానే ఉందిరా. ఏ రకమో చెప్పలేదు."

"నాన్నా, అది బ్యాకప్‌లోకి కూడా రాదు."

హైదరాబాదులో సదస్సు రోజున నా ముందు మాట్లాడినాయన జనాభాతో మొదలుపెట్టి, రెండో గంట మోగాక కూడా అక్షాంశాల దగ్గరే ఉన్నాడు. నేను తొమ్మిదిన్నర నిమిషాల్లో దిగాను. అధ్యక్షుడు గంట మీద చెయ్యి అలాగే ఉంచి నావైపు అనుమానంగా చూశాడు. ప్రశ్నలు, అన్నాడు. నా వేలు బ్యాకప్‌లో గట్ల ఫొటో మీదుంది.

ముందు వరసలో తెల్లజుట్టు ప్రొఫెసరు ఒకాయన లేచారు. "బాగుందండీ. ఏ రకం?"

పన్నెండు మళ్లు కళ్లముందు తిరిగాయి. "ఎం.టి.యు. 1010 సార్. కాటన్‌దొర సన్నాలు."

"అదీ సంగతి! నాలుగు నెలల పంట. అదే అయిదు నెలల రకమైతే మీ పదిహేను సెంటీమీటర్లు ఇలాగే పనిచేస్తుందా?" వెనక ఇంకొకాయన లేచి నాటు ఏ వారంలో వేశారన్నాడు. మూడో ఆయనకు నారు వయసు కావాలి. అవన్నీ పత్రంలో ఏడో పేజీలో ఉన్నాయి, నేను మొట్టమొదట ఎగరగొట్టిన పేరాలో. రెండు నిమిషాలూ అక్కడే అయిపోయాయి. గట్ల గురించి ఒక్కడూ అడగలేదు.

సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. ఎలా జరిగిందని అడగలేదు.

"రకం అడిగారా?"

"నాన్నా, ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు," అన్నాను.