ఫిబ్రవరి 31 దాకా నిల్వ ఉండే కందిపొడి

కందిపొడి ప్యాకెట్ మీద 'ప్యాకింగ్: 31 ఆగస్టు 2025. ప్యాక్ చేసిన నాటి నుంచి ఆరు నెలల్లోపు వాడితే శ్రేష్ఠం' అని ఉందనుకుందాం. లెక్క సులువే, ఫిబ్రవరి 31 దాకా వాడుకోవచ్చు. అలాంటి తేదీ లేకపోవడం పంచాంగం తప్పుగానీ కంపెనీ తప్పు కాదు కదా! చట్టాన్ని అడిగితే మాత్రం సమాధానం ఉంది. నెలంటే క్యాలెండర్ నెలేనని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం చెబుతుంది. నెలల గడువు అదే అంకె ఉన్న తేదీన తీరుతుంది, ఆ అంకె లేని నెలైతే ఆఖరి రోజున తీరుతుందన్నది కోర్టుల లెక్క. బ్రిటన్‌లో సెప్టెంబర్ 30న నోటీసు అందుకున్న ఒక అద్దెదారు, నాలుగు నెలల గడువు జనవరి 31 దాకా ఉందనుకుని, ఆ రోజే కోర్టుకెళ్లి ఒక్కరోజు తేడాతో ఓడిపోయాడు. 1981లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన తీర్పది. ఈ లెక్కన ఆగస్టు 28, 29, 30, 31 తేదీల్లో కట్టిన నాలుగు ప్యాకెట్లూ ఫిబ్రవరి 28నే కలిసికట్టుగా గడువు ముగించుకుంటాయి.

అసలు వినోదం రోజు వేయకుండా 'ఆగస్టు 2025' అని నెల మాత్రమే వేసినప్పుడు మొదలవుతుంది. మూడు నెలలకు మించి నిల్వ ఉండే సరుకుకు నెల, ఏడాది చాలని మన లేబులింగ్ నిబంధనలే వెసులుబాటు ఇచ్చాయి. ఫిబ్రవరి ఆఖరు దాకా అనుకుంటే, ఆగస్టు 1న కట్టిన పొడికి 211 రోజుల ఆయుష్షు, 31న కట్టినదానికి 181. కట్టడం ఒక్క రాత్రి ఆపి తెల్లారి 'సెప్టెంబర్' అని కొడితే గడువు మార్చి 31కి జరుగుతుంది. ముప్పయ్యొక్క రోజులు ఉచితం! నెలాఖరు సరుకుకు కొత్త నెల ముద్ర కొట్టాలన్న బుద్ధి ఎక్కణ్ణుంచి పుడుతుందో వేరే చెప్పాలా?

'రెండు మూడు రోజులకు పొడి విషమైపోతుందా?' అంటారు. కాదు, నిజమే. ఈ తేదీ రుచికీ నాణ్యతకీ ఇచ్చే హామీ, కంపెనీలు కొంత మార్జిన్ ఉంచుకునే వేస్తాయి. పురుగు పట్టిందో, నూనె వాసన మారిందో తేదీ చెప్పదు, ముక్కే చెప్పాలి. కానీ తేదీకి అంత విలువ లేదనేవాళ్లే, మీరు గడువు దాటిన ప్యాకెట్ వాపసు తెస్తే ఒక్కరోజు తేడా చూపించి పంపేస్తారు. 'రోజు కూడా అచ్చు వేయాలంటే ఖర్చు' అన్నది రెండో సాకు. అదే సీలు మీద, అదే ఇంకు చుక్కలతో, బ్యాచ్ నంబరూ ధరా ఎలాగూ కొడుతూనే ఉన్నారు. రెండంకెల ఇంకుకే దివాళా తీస్తారా?

2020 నిబంధనలు గడువు తీరే తేదీని నేరుగా ప్రకటించమన్నాయి. బాగుంది, కానీ ఆరు నెలల సరుకుకు అక్కడా నెల చాలు. అధికారులారా, ఆ నెల పక్కన రోజు కూడా తప్పనిసరి చేయండి. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టే పని కొన్నవాడికి వదలకండి.