ఆరో నంబరు తాత

నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి పోయే దారిలో, రొయ్యల గుంటల నడుమ ఉన్న ఒక ఊళ్లో, పొద్దున్నే టీకొట్టు బల్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉంటాడు. చొక్కా జేబులో ఎర్ర రీఫిల్ పెన్ను, మెడలో దారం కట్టిన కళ్లద్దాలు. కళ్లద్దాలు పైకి ఎక్కాయంటే ఎవరిదో ఒక వాక్యానికి మూడిందన్నమాట. ఇటువంటి మనిషి మీ ఊళ్లోనూ ఉంటాడు. పెళ్లి శుభలేఖలో ముహూర్తం చూడడు, అచ్చుతప్పు చూస్తాడు. దినవారాల కార్డు అందుకుని "అయ్యో" అనే ముందు "ఇక్కడ కామా పెట్టుండాల" అంటాడు. పుట్టినరోజు ఫ్లెక్సీ ముందు నిలబడి, "ఇందులో బిడ్డ ఏడబ్బా?" అని గట్టిగా అడుగుతాడు. ఆ ఫ్లెక్సీలో నాయకుల ఫొటోలు పద్నాలుగు, బిడ్డది కింద మూలన తపాలా బిళ్లంత. అడిగిందాంట్లో తప్పేమీ లేదు. అడగాల్సింది మాత్రం ఫ్లెక్సీ కట్టించినాయన పక్కన ఉన్నప్పుడు కాదు.

మన తాత ప్రత్యేకత ఏమిటంటే ఆయన బిడ్డ పుట్టినప్పుడు పంపే శుభాకాంక్షలకు స్పెషలిస్టు. దానికి కారణం ఆయన ఉద్యోగం. తంతి సౌకర్యం ఉన్న పోస్టాఫీసులో చేశాడు. పాతకాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, టెలిగ్రాముకు మాటకింత అని లెక్క. సగటు మనిషికి ఆ ఖర్చు తగ్గించడానికి తంతి శాఖ మామూలు శుభాకాంక్షలను ముందే అచ్చేసి, ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చింది. దీపావళికి ఒకటి. పెళ్లికి ఎనిమిది. బిడ్డ పుడితే ఆరు. పంపేవాడు ఫారం మీద నంబరు రాస్తే చాలు. ఇవతల తాత ఆ అంకెను మోర్సులో కొడతాడు, అవతలి ఆఫీసులో ఇంకో తాత ఆ నంబరుకున్న వాక్యాన్ని కాగితం మీదికి ఎక్కించి సైకిల్ మీద పంపిస్తాడు. మోర్సులో ఆరంటే ఒక గీత, నాలుగు చుక్కలు.

"డా డిడిడిడిట్. అంతే అబ్బయా! తొమ్మిది నెలలు మోసిన బిడ్డకు ఒక గీత, నాలుగు చుక్కలు. కలెక్టరు మనవడికీ అదే, కల్లాసి కొడుక్కీ అదే" అంటాడు తాత. సర్వీసంతా ఇతరుల సంతోషాన్ని అంకెలుగా కొట్టీ కొట్టీ, పెన్షన్లోకి వచ్చాక అంకెల మీద పగబట్టాడు. 2013 జూలైలో దేశంలో టెలిగ్రాము సేవ ఆగిపోయినప్పుడు చాలామంది బాధపడ్డారు. తాత ఆ రోజు రెండో టీ తాగాడు. కానీ సంవత్సరం తిరిగేసరికి ఊళ్లో కుర్రాళ్ల ఫోన్లు చూసి నెత్తి పట్టుకున్నాడు. ప్రతి బిడ్డకీ "కంగ్రాట్స్ బ్రో", పక్కన చప్పట్లు కొట్టే చేతులు మూడు. "ఇది ఆరో నంబరే గదరా! తంతి ఆగినా ఇది చావలేదే!" అన్నాడు. ఆ మాటతోనే ఊరు ఆయనకు పేరు పెట్టేసింది.

ఆయన షరతు ఒకటే. సొంతంగా రాసివ్వడు. నీ మాట నువ్వు తేవాలి, ఆయన దిద్దుతాడు. పోయిన మే నెలలో ఒక కుర్రాడు వచ్చాడు. పడవ మనిషి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి పడవలు ఒడ్డుకెక్కి ఉన్నాయి, కుర్రాళ్లు టీకొట్టుకెక్కి ఉన్నారు. వీడితో పాటు వేటకు పోయిన స్నేహితుడొకడు ఇప్పుడు కృష్ణపట్నం పోర్టు దగ్గర ఉద్యోగంలో ఉన్నాడు, ఆ స్నేహితుడికి కూతురు పుట్టింది. భార్య కోట పక్కన పుట్టింట్లో ఉంది. వీడు టైపు చేసి తెచ్చింది ఇది:

"కంగ్రాట్స్ మామా. ఆడపిల్లంట గదా, పర్లేదు, మహాలక్ష్మి పుట్టింది. తెల్లగా ఉందంట. ఫొటో పెట్టు. పార్టీ ఎప్పుడు?"

కళ్లద్దాలు పైకెక్కాయి.

"పర్లేదా? ఏంది పర్లేదు? వాడేమన్నా వల పోగొట్టుకున్నాడా, నువ్వు ఓదార్చేదానికి?"

"అది కాదు తాతా, మంచి మాటే గదా, మహాలక్ష్మి అని..."

"మగబిడ్డ పుడితే మహావిష్ణువు పుట్టాడని రాస్తావా? రాయవు గదా. కొట్టెయ్."

కుర్రాడు కొట్టేశాడు. తర్వాత రంగు పోయింది. బిడ్డ రంగు, బరువు, పోలిక ఈ మూడూ రాయకూడదని తాత నియమం. రంగు రాస్తే సిగ్గుచేటు, బరువు రాస్తే దిష్టి అంటారు. పోలిక అన్నిటికన్నా ప్రమాదం. "వాళ్ల నాయన పోలికని రాస్తే పుట్టింటోళ్లకు కోపం. ఆ ఫోను ఇప్పుడు పుట్టింట్లోనే ఉండాది, గుర్తుపెట్టుకో" అన్నాడు. ఫొటో అడగడం కూడా పోయింది. పెట్టాలనుకున్నవాడు అడక్కముందే పెడతాడు, పెట్టనివాడికి ఇంట్లో ఏదో పట్టింపు ఉంటుంది. పార్టీ మాట గురించి ఆయన అన్నది ఇక్కడ రాయను.

ఇప్పుడు ఫోనులో మిగిలింది "కంగ్రాట్స్ మామా". అంటే శుద్ధంగా ఆరో నంబరు.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. తాత పెన్ను జేబులో పెట్టేసి ప్రశ్నలు వేస్తాడు. పోలీసు స్టేషన్లో కూడా అన్ని అడగరు. తల్లి ఎట్లా ఉంది? కుర్రాడికి తెలియదు. "కనుక్కోని రా పో." కుర్రాడు పక్కకుపోయి వాళ్ల అమ్మకు ఫోన్ చేశాడు. రాత్రంతా నొప్పులు పడిందట, తెల్లవారుజామున నాలుగింటికి కాన్పట, ఇప్పుడు బాగానే ఉందట. తాత మొహం వెలిగింది. "ఇదిరా సరుకు! ముందు తల్లి. బిడ్డను అందరూ అడుగుతారు, కన్నదాన్ని అడిగేవాడు ఉండడు." నాలుగు గంటలంటే మీకు ఏం గుర్తొస్తుందని అడిగాడు. పడవ దించే వేళ అన్నాడు కుర్రాడు. అది రాయమన్నాడు.

"వాడూ నువ్వూ చేసిన పనొకటి చెప్పు. ఇంకెవరికీ తెలియంది."

కుర్రాడు గొణిగాడు, నసిగాడు. చివరికి చెప్పాడు. ఆ స్నేహితుడు మొట్టమొదటి రోజు సముద్రంలోకి పోయి, గట్టు కనుమరుగయ్యేలోపే పేగులు బయటికొచ్చేట్టు కక్కుకున్నాడట. వీడు పక్కన కూర్చుని వీపు రాశాడట. టీకొట్టంతా నవ్వింది. తాత నవ్వలేదు. బంగారు ముక్క దొరికిన కంసాలిలా అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఏమన్నా పంపిస్తావా?"

"బాలింత గదా తాతా, పాలసొర తీసకపోతా. వచ్చే వారమే పోతానని రాస్తా."

మన కోస్తాలో బాలింతలకు పాలసొర వండి పెడితే పాలు బాగా పడతాయని నమ్మకం. వెల్లుల్లి దండిగా వేసి పుట్టు చేస్తారు. మాట మంచిదే. తాత మాత్రం కుర్రాణ్ణి, ఒడ్డున ఉన్న పడవను మార్చి మార్చి చూశాడు.

"వచ్చే వారం వేట యాడుంది నీకు? సొర నడిచొస్తుందా?"

కుర్రాడు నాలుక కరుచుకున్నాడు. ఈ ఒక్క విషయంలో తాత మహా ఖచ్చితం. శుభాకాంక్షల్లో ఒక మాట ఇస్తే అది తేదీతో సహా జరిగేదై ఉండాలి. "ఏ సాయం కావాలన్నా అడుగు" అని రాస్తే అసలు ఒప్పుకోడు. అడగరని తెలిసే అట్లా రాస్తారని ఆయన అభిప్రాయం. నాకూ అనుమానంగానే ఉంది.

అరగంట తర్వాత, మూడు టీలు అయ్యాక, పోయింది ఇది:

"మామా, ముందు చెల్లెలు ఎట్టుండాదో చెప్పు. రాత్రంతా నొప్పులు పడిందని అమ్మ చెప్పింది. తనను నిద్రపోనియ్, నువ్వు మేలుకో. నీ కూతురు నాలుగింటికి వచ్చిందంట గదా, మనం పడవ దించే టయానికి. మొదటిరోజు నువ్వు కక్కుకుంటే నీ వీపు రాసింది నేను. ఇంక పాప నీ భుజాన కక్కుద్ది, వీపు రాసేది నీ వంతు. జూన్ 14 దాటి వేట మొదలైనాక మొదటి పాలసొర చెల్లెలికే. దీనికి జవాబు రాయబాకు, నీకు పనుంటాది."

ఇందులో "అభినందనలు" అన్న మాటే లేదని కుర్రాడు గుర్తుచేశాడు. "ఉండాల్నా?" అన్నాడు తాత. జవాబు రాయొద్దన్న చివరి వాక్యం పూర్తిగా ఆయనదే, దాని మీద ఆయనకు గర్వం. నిద్రలేని మనిషికి వంద మెసేజీలొస్తే, వాటికి థాంక్స్ చెప్పడం ఇంకో ఉద్యోగం.

జవాబు రావొద్దన్నారు కాబట్టి రాలేదు. ఫోనే వచ్చింది. అవతలివాడు హలో అని ఏమీ మాట్లాడకుండా కాసేపు ముక్కు చీదుకున్నాడు. ఆ తర్వాత చెల్లెలు ఫోను లాక్కుని, "అన్నా, ఆ కక్కుకున్న సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు ఈయన" అని పడీ పడీ నవ్వింది.

ఇక్కడితో ఆగి ఉంటే తాత చరిత్ర మచ్చ లేకుండా ఉండేది. కానీ కుర్రాడు తెలివైనవాడు. ఇంత బాగా పనిచేసిన మెసేజీని వదులుకోవడం ఎందుకని ఫోన్లో దాచుకున్నాడు. రెండు నెలల తర్వాత, వీళ్ల రొయ్యలు కొనే ఒక కంపెనీ సూపర్‌వైజరుకు కొడుకు పుట్టాడు. నెల్లూరు టౌను మనిషి. కుర్రాడు పాత మెసేజీ తీసి, "మామా" ఉన్నచోట "సార్", "కూతురు" ఉన్నచోట "కొడుకు" పెట్టి పంపేశాడు. మిగతాదంతా యథాతథం. జీవితంలో పడవెక్కని సూపర్‌వైజరు తాను ఎప్పుడు కక్కుకున్నానా అని ఒక పూటంతా ఆలోచించాడు. ఆయన భార్యను ఊరూ పేరూ తెలియని వాడెవడో చెల్లెలంటున్నాడు. పైగా ఆ ఇంట్లో ఉల్లిపాయ కూడా ఆలోచించి తెస్తారు. బాలింతకు మొదటి సొరచేప అంకితం అన్న వాక్యం దగ్గర సూపర్‌వైజరు తల్లి ఫోను బల్ల మీద పెట్టి చేతులు కడుక్కుందట.

ఆ వారం రొయ్యల కౌంటు దగ్గర ఆయన చూపిన కోతకూ దీనికీ సంబంధం ఉందని కుర్రాడి వాదన. తాత ఒప్పుకోలేదు. తప్పు దిద్దుబాటుది కాదని, కుర్రాడు మళ్లీ నంబరు వేసి కొట్టాడని తేల్చాడు. ఈసారి ఆరు కాదు, అరవై ఆరట.

ఆ తర్వాత నుంచి దిద్దుబాటు అయిన ప్రతి మెసేజీనీ పంపగానే తన కళ్ల ముందే ఫోన్లోంచి తుడిపించేస్తున్నాడు. మీకు అవసరమైతే పొద్దున్నే రండి, తొమ్మిదింటికి ఎండెక్కితే ఇంటికి పోతాడు. ఫీజు లేదు గానీ టీలు మీవే. వచ్చే ముందు మాత్రం తల్లి ఎట్లా ఉందో కనుక్కోండి. లేకపోతే బల్ల మీద కూర్చోనివ్వడు.