నెలచందాకు మాయమయ్యే మనుషులు

యూట్యూబ్‌లో గుత్తివంకాయ కూర వీడియో పెడితే చాలు, వంకాయలు నూనెలో పడేలోపే వీపీఎన్ ప్రకటన దిగుతుంది. నల్ల హుడీ తొడుక్కున్న దొంగ ఒకడు మన వై-ఫైలోకి తొంగిచూసి బ్యాంకు పాస్‌వర్డ్ రాసుకుంటూ ఉంటాడు. మనం బటన్ నొక్కగానే వాడు నెత్తి బాదుకుంటాడు, మనం ‘మిలిటరీ గ్రేడ్’ భద్రతలో మాయమైపోతాం. సైన్యానికి మన మీద ఇంత శ్రద్ధ ఎప్పుడు పుట్టిందో గానీ, నెలచందా మాత్రం ఠంచనుగా కట్ అవుతుంది.

నిజానికి ఆ హుడీవాడు ఏనాడో నిరుద్యోగి. బ్యాంకు సైటు https మీద నడుస్తుంది కాబట్టి పాస్‌వర్డ్ మన బ్రౌజర్‌లోనే గుప్తలిపిగా మారి బయల్దేరుతుంది. మధ్యలో వై-ఫై వాడికీ, బ్రాడ్‌బ్యాండ్ వాడికీ అంతుపట్టదు. వాళ్లకు మామూలుగా తెలిసేది మనం ఏ సైటుకు వెళ్లామన్నది. సైటు పేరుకు నంబరు అడిగే డీఎన్ఎస్ ప్రశ్న సాధారణంగా బ్రాడ్‌బ్యాండ్ వాడి సర్వర్‌కే పోతుంది. https మొదలయ్యే క్షణంలో కూడా సైటు పేరు చాలావరకు పైకి కనిపిస్తూనే ఉంటుంది. వీపీఎన్ దాచేది ఈ పేర్లను. అదేమీ తక్కువ పని కాదు. కానీ అంతే చెబితే యాప్ అమ్ముడుపోదు.

అమీర్‌పేట హాస్టల్లో ఓ కుర్రాడు రాత్రి పదకొండింటికి ‘సింగపూర్’ నొక్కాడనుకుందాం. అతని ఫోన్ ప్రతి ప్యాకెట్‌నూ గుప్తలిపిలో చుట్టి, పైన మరో చిరునామా రాస్తుంది. అది సింగపూర్ సర్వర్‌ది. సర్వర్ చుట్టు విప్పి, లోపలి ప్యాకెట్‌ను అసలు సైటుకు పంపుతుంది. అయితే పంపినవాడి చిరునామాను అలాగే వదిలేస్తే చిక్కు. సైటు తన జవాబును ఆ చిరునామాకే పంపుతుంది కదా, అది సర్వర్‌కు తిరిగి రాదు. అందుకని సర్వర్ అక్కడ తన సొంత చిరునామా వేసి, ఏ పోర్టు ఏ చందాదారుడిదో తన పట్టికలో గుర్తు పెట్టుకుంటుంది. జవాబు రాగానే పట్టిక చూసి, మళ్లీ చుట్టి హాస్టల్‌కు పంపుతుంది. చిరునామా మారడంలోని మంత్రమంతా ఇదే. మన ఇంటి రౌటర్ కూడా చిరునామా మార్చే పనిని రోజూ చేస్తుంది, పాపం దానికెవరూ ప్రకటన ఇవ్వరు.

ఇప్పుడు బ్రాడ్‌బ్యాండ్ వాడి చిట్టా చూద్దాం. ఈ కనెక్షన్ నుంచి, పదకొండింటి నుంచి ఒంటిగంట దాకా, సింగపూర్‌లోని ఒకే చిరునామాకు యూడీపీ 51820 పోర్టు మీద రెండు జీబీ నడిచింది. 51820 అంటే వైర్‌గార్డ్ వీపీఎన్‌కు మామూలుగా వాడే పోర్టు. ఏ సైటో తెలియదు, కానీ వీపీఎన్ వాడారని తెలుసు, ఎప్పుడో తెలుసు, ఎంతో తెలుసు. ఆ మోతాదు చూస్తే కుర్రాడు ఈమెయిల్ చదవలేదని ఎవరైనా చెప్పగలరు. పైగా చుట్టినందుకు ప్యాకెట్‌కు 60 బైట్లు అదనం, అదీ అతని డేటా ఖాతాలోనే. ఇక సెట్టింగ్ సరిగా లేక డీఎన్ఎస్ ప్రశ్నలు వీపీఎన్ సొరంగం బయటి నుంచి పోతే, దాచిన పేర్లన్నీ వరసగా బ్రాడ్‌బ్యాండ్ వాడి ముందే. వీపీఎన్ కట్టుకుని ఏదైనా డీఎన్ఎస్ లీక్ పరీక్ష నడిపితే, అందులో మన బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ పేరే వస్తే అదే జరుగుతోందన్నమాట.

సింగపూర్ పౌరుడైపోయిన మన కుర్రాడు ఆ ఆనందంలో జీమెయిల్ లాగిన్ అయ్యి, అమీర్‌పేట చిరునామాకు బిర్యానీ ఆర్డర్ పెడతాడు. కుకీలు పాతవే, ఖాతా పాతదే, ఫోన్ నంబరు పాతదే. సైటుకు తెలియనిది ఒక్క ఐపీ మాత్రమే.

మరి ఆ పట్టిక సంగతి? బ్రాడ్‌బ్యాండ్ వాడికి దాచినది వీపీఎన్ వాడి చేతిలో పెట్టాం. 2011లో సోనీ పిక్చర్స్ సైటును కొల్లగొట్టిన కేసులో హైడ్‌మైయాస్ అనే వీపీఎన్ కంపెనీ కోర్టు ఉత్తర్వు అందగానే తన రికార్డులు ఇచ్చేసింది. పేరులోనే దాస్తానని మాటిచ్చిన కంపెనీ అది!

2022లో ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ మన దేశంలోనూ చందాదారుల వివరాలు అయిదేళ్లు దాచాలని వీపీఎన్ కంపెనీలను ఆదేశించింది. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ లాంటివి తమ సర్వర్లను ఇక్కడి నుంచి ఎత్తేశాయి. జాబితాలో ‘ఇండియా’ను మాత్రం ఉంచాయి, ఆ సర్వర్లు సింగపూర్‌లోనో బ్రిటన్‌లోనో ఉంటాయి. కాబట్టి అమీర్‌పేటలో కూర్చుని వాటి ద్వారా భారతీయుడిగా కనిపించాలన్నా ప్యాకెట్ సముద్రం దాటి రావాల్సిందే. ఆ ప్రయాణానికీ చందా అదే.