మాడ్యూల్‌ని ‘చూసుకున్న’వాడు

మా అన్నయ్య కొడుకు రెజ్యూమె పంపాడు, ‘బాబాయ్, ఒక్కసారి చూసిపెట్టవా’ అంటూ. నాలుగేళ్ల అనుభవం. రాసిందంతా ఇంగ్లీషే గానీ, సారాంశం ఇదీ: ‘రిపోర్టుల మాడ్యూల్ నిర్వహణ బాధ్యత. బగ్గులు సరిచేయుట. టీముతో సమన్వయం.’ కోడు రాశాడో, మాడ్యూల్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్నాడో అర్థం కాలేదు. అదే సీట్లో నాలుగేళ్లూ కునికిపాట్లు పడినవాడు కూడా ఈ మూడు లైన్లూ అబద్ధం లేకుండా రాసుకోవచ్చు.

‘ఇంతకీ ఏం చేశావురా?’

‘రిపోర్టులు చూసుకున్నాను బాబాయ్.’

‘నువ్వు చూడకముందు ఎలా ఉండేవి?’

అక్కడ తీగ దొరికింది. రోజూ రాత్రి నడిచే సేల్స్ రిపోర్టుకు 50 నిమిషాలు పట్టేదట. ప్రతి ఆర్డరుకీ కస్టమర్ పేరు కోసం ప్రోగ్రాం డేటాబేస్‌కి విడిగా ఒక క్వెరీ పంపేది. లక్ష ఆర్డర్లుంటే లక్షసార్లు వెళ్లిరావడమే! మావాడు వాటన్నిటినీ ఒక్క జాయిన్‌తో తెచ్చేలా మార్చి, తేదీ కాలమ్‌కి ఇండెక్స్ పెట్టాడు. ఇప్పుడు 4 నిమిషాలు. ఇంత చేసి ‘నిర్వహణ’ అని రాసుకున్నాడు, మహానుభావుడు.

సంఖ్యలు వెయ్యమన్నాను. మర్నాటికల్లా పూనకం వచ్చింది: ‘పనితీరు 92 శాతం పెంచాను. కంపెనీ ఆదాయం 30 శాతం పెంచాను.’

‘ఆదాయం నువ్వు పెంచావా? ఈ సంగతి సేల్స్ వాళ్లకి తెలుసా?’

ఆ లైను పోయింది. తగ్గిన సమయంగా చూస్తే 92 శాతం లెక్క తప్పేం కాదు, 50 నిమిషాల్లో 46 తగ్గాయి. కానీ దేని పనితీరు? రెండు సెకన్ల పని ఒక సెకనులో అయినా 50 శాతం తగ్గినట్టే. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే ‘దేంట్లో 92?’ అని వస్తుంది. అందుకే శాతం తీసేసి ఇలా రాయించాను: ‘ఆర్డరుకో క్వెరీ పోయే పద్ధతిని ఒకే జాయిన్‌గా మార్చి, తేదీకి ఇండెక్స్ చేర్చి, రాత్రి సేల్స్ రిపోర్టు సమయాన్ని 50 నిమిషాల నుంచి 4 నిమిషాలకు తగ్గించాను.’

ఆ 50 కూడా నోటిలెక్క కాకూడదు. జాబ్ లాగ్‌లో మొదలైన సమయం, ముగిసిన సమయం ఉంటాయి. మార్పుకి ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు తీసుకుని మధ్యస్థం చూడమన్నాను. నెలాఖరు రద్దీ రాత్రిని ముందు, ఆదివారం ఖాళీ రాత్రిని తర్వాత పెట్టి పోలిస్తే అది గారడీయే.

బగ్గుల లైనుకి నిమిషాలు పనికిరావు. ఆ మాడ్యూల్ మీద నెలకెన్ని ఫిర్యాదు టికెట్లు వచ్చేవి, ఇప్పుడెన్ని వస్తున్నాయి అన్నదే అక్కడి కొలత. ‘టీముతో సమన్వయం’కి మాత్రం మావాడు ఎంత వెతికినా లెక్క దొరకలేదు. కొట్టేశాం. రెజ్యూమెకి ఏ లోటూ రాలేదు.

ఒక్క మాట. రాజీనామా చేసిన రోజు లాప్‌టాప్‌తో పాటు లాగ్‌లూ, టికెట్లూ మన చేతిలోంచి పోతాయి. కంపెనీ డేటా జోలికి పోకుండా, మీరు చేసిన మార్పుకి ముందు ఎంత, తర్వాత ఎంత అన్న రెండు సంఖ్యలు మాత్రం ఉద్యోగంలో ఉండగానే రాసిపెట్టుకోండి.