ముందు దండం ఎవరిది?

ఇటిక్యాల దిక్కు ఏ ఊర్లోనైనా కొత్త అల్లుడు అత్తగారి గడప ముందర నిలబడితే ఒక చిక్కు లెక్క మొదలవుతుంది. మామ వయసులో పెద్ద, పైగా ఇంటాయన. అల్లుడు వయసులో చిన్న, కానీ చుట్టం, అందులోనూ అల్లుడు. వయసు లెక్కన అల్లుడు ముందు దండం పెట్టాలి, ఇంటి లెక్కన మామ ముందు పలకరించాలి. ఎవరి లెక్క వారికి సరిపోయింది కాబట్టి ఎవరూ నోరు తెరవరు. చివరికి అత్త చెంబుతో నీళ్లు తెచ్చి "కాళ్లు కడుక్కో బిడ్డా" అంటే గండం గడుస్తుంది. న్యాయం కూడా అత్త పక్షానే ఉందని నా వాదన. ఆ క్షణాన ఎవరిది పైచేయి అయితే వారే ముందు తగ్గాలి. గడప లోపల ఉన్నవారికి ఇల్లు ఉంది, మంచం ఉంది, పొయ్యి మీద అన్నం ఉంది. బయట నిలబడ్డవాడికి ఉన్నది చేతిసంచి ఒక్కటే. వాణ్ణి రమ్మనే అధికారం వీళ్లదే అయినప్పుడు మొదటి మాట కూడా వీళ్లదే.

ఇది నేను పుట్టించిన సూత్రం కాదు. వాహనం మీద పోయేవాడు నడిచేవాడికి, నడిచేవాడు కూర్చున్నవాడికి ముందు సలాం చెప్పాలని హదీసు. ఆనాటి ఒంటె స్థానంలో మన మోటార్‌సైకిల్‌ని పెట్టి చూడండి, న్యాయం చెక్కుచెదరదు. రామాయణం రాముణ్ణి పూర్వభాషి అంటుంది, అంటే ఎదుటివాడికన్నా ముందు తానే మాట్లాడేవాడని. రాజకుమారుడికి తగ్గని పరువు రచ్చకట్ట మీద కూర్చున్న మనకు తగ్గుతుందా? ఇటిక్యాల దిక్కునే కృష్ణ ఒడ్డున బీచుపల్లిలో వెలసిన ఆంజనేయుడి సంగతీ అంతే. రామలక్ష్మణులు ఎదురైననాడు కొండ తమది, కొత్తగా వచ్చినవాళ్లు ఇద్దరే. అయినా భిక్షువు వేషంలో కిందికి దిగి, తానే ముందు నమస్కరించి పలకరించాడు. ఆ మాటతీరును రాముడు లక్ష్మణుడి దగ్గర మెచ్చుకున్నాడు కూడా.

"మరి చిన్నవాళ్లే పెద్దలకు ముందు మొక్కాలని అందరూ చెప్తారు కదా" అని పెద్దమనుషులు అడ్డు తగులుతారు. నిజమే, ఆ హదీసులోనూ ఆ మాట ఉంది, మనువూ అదే అన్నాడు. పెద్దవాడు వస్తుంటే చిన్నవాడి ప్రాణాలు పైకి లేస్తాయట, లేచి నమస్కరిస్తేనే మళ్లీ కుదురుకుంటాయట. కానీ అదే మనువు, తిరిగి అభివాదం చెయ్యడం తెలియనివాడికి నమస్కారమే చెయ్యొద్దన్నాడు. సలాం చెప్పడం మంచి ఆచారమైతే, బదులు చెప్పడం తప్పనిసరి విధి. అంటే చిన్నవాడితో ముందు చెప్పించి, అసలు బరువు పెద్దవాడి మీదే పెట్టారు. పేపర్ చాటునుంచి "ఊఁ" అనే పెద్దాయన ఈ రెండో భాగం చదవలేదనుకోవాలి.

ఇంకో అభ్యంతరం గట్టిది. ముస్లింల ఇండ్లలో వచ్చినవాడే గుమ్మం దగ్గర సలాం చెప్పి, రమ్మన్నాకే లోపలికి పోతాడు. అది నా సూత్రాన్ని కొట్టేయదు. లోపల ఎవరున్నదీ తెలిసి వచ్చింది అతడే, వచ్చిందెవరో లోపలివాళ్లకు తెలియదు. ఆ తెలివిడే అతడి పైచేయి. కాబట్టి ఈసారి దసరాకు అల్లుడు వస్తే, మామలూ, మీసం సవరించుకుంటూ వేచి చూడకండి. చెంబు మీరే అందుకోండి.