నోటిఫికేషన్ ప్రివ్యూ గారికి బహిరంగ లేఖ

నా వాక్యం క్రియాపదం దాకా రాకముందే కోసెయ్యకండి.

నోటిఫికేషన్ ప్రివ్యూ గారికి నమస్కారాలు. విషయం ముందు, నమస్కారం తర్వాత రాసినందుకు మన్నించాలి. ఈ క్రమం మీరు నేర్పిందే. మా ఇంట్లో ఉత్తరమంటే ‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను’ అని మొదలయ్యేది. ఉభయకుశలోపరి అన్నాకే అసలు సంగతి. ఇప్పుడు అలా రాస్తే మీరు అవతలివారికి చూపించేది మా క్షేమం వరకే. మిగతాదానికి మూడు చుక్కలు పెట్టి చేతులు దులుపుకుంటారు.

మీ కోసం నేను వదులుకున్నవి తక్కువేం కాదు. పెద్దవాళ్ళకు రాసేటప్పుడు ముందుండే ‘గారికి’ తీసేశాను. ‘మీరు అడిగిన విషయం గురించి’ అనే మాట మానేశాను, నా నాలుగు మాటల వాటా దానితోనే అయిపోతోంది కాబట్టి. కొత్తగా వచ్చిన అల్లుడికి కూడా పలకరింపు లేకుండా ‘శనివారం రండి’ అని పంపాను. మా ఆవిడ చూసి, అల్లుడికి సమన్లు పంపారా అంది. ఇదంతా గృహప్రవేశం నాడు మీరు నేర్పిన పాఠం వల్లే.

ఆ సంగతి మీకు గుర్తుండకపోవచ్చు. నాకుంది. ముందురోజు సాయంత్రం వంట మేస్త్రి గారు మెసేజి పెట్టారు: ‘గారెలకి పప్పు నానబొయ్యాలి, ఎంతమందండీ?’ నేను నిదానంగా కూర్చుని ఇలా రాశాను: ‘మేస్త్రీ గారూ, మొదట 300 మందికి అనుకున్నాం కానీ మా వియ్యాలవారి వైపు నుంచి ఇంకో 80 మంది వస్తున్నారట, కాబట్టి 380 మందికి చేయండి.’ తెలుగులో ఇంతకంటే సవ్యమైన వాక్యం ఉంటుందని నేననుకోను. కారణం ముందు, ఫలితం తర్వాత, చివర క్రియ. కానీ ఆయన చేతినిండా పిండి. ఫోను గ్యాస్ సిలిండరు మీద ఉంది. అక్కడినుంచి ఆయనకు మీరు చూపించింది ఇంతే:

‘మేస్త్రీ గారూ, మొదట 300 మందికి అను…’

ముందే అనుకున్న లెక్క 300. మెసేజిలో కనబడిందీ 300. ఆయన మోచేత్తో మిమ్మల్ని పక్కకి తోసి మినప్పప్పు కొలిచి పోసేశారు. మెసేజి తెరవలేదు గనక నా దగ్గర నీలం టిక్కులు పడలేదు. ఇంకా చూడలేదేమో, తీరిగ్గా చూస్తారులే అనుకున్నాను. మీ మోసం తెలియని రోజులవి. టిక్కులు బూడిదరంగులోనే ఉన్నాయంటే అవతలివాళ్ళు చదవలేదనుకుంటాం. మీ దగ్గర సగం చదివేసి పనిలోకి దిగి ఉండవచ్చు. మర్నాడు మూడో బంతిలో గారెలు అయిపోయినప్పుడు మా వియ్యపురాలు ఏమీ అనలేదు. ఆ అనకపోవడం ఇప్పటికీ సాగుతోంది.

తర్వాత ఆ వాక్యాన్ని నేను చాలాసార్లు మనసులో తిరగరాశాను. ‘300 కాదు, 380’ అని మొదలుపెడితే సరిపోయేదనుకున్నాను. సరిపోదు. వద్దన్న అంకె ముందుంటే పిండి చేతుల మనిషి కంటికి మొదట దొరికేది అదే. పైగా ఆయన కళ్ళజోడు లేకుండా చూడడానికి అక్షరాలు బాగా పెద్దవి పెట్టుకున్నారు. నా ఫోనులో వాక్యం సగం దాకా కనిపిస్తే ఆయన ఫోనులో ఐదారు మాటలకే తెర అంచు వచ్చేస్తుంది. మీరు అక్షరాలు లెక్కపెట్టి కొయ్యరు, తెర వెడల్పు ఎంతో అంతే. ‘అనుకున్నాంగానీ’ లాంటి పొడుగాటి మాట ఒక్కటి ఉన్నా వరుస నిండిపోతుంది. గ్రూపులోనైతే ఆ వరుసలోనే పంపినవారి పేరు కూడా కూర్చుంటుంది. కాబట్టి ఇప్పుడు నేను రాసేది: ‘380 మందికి చేయండి. ముందు చెప్పిన 300 వదిలేయండి. వియ్యాలవారి వైపు 80 మంది పెరిగారు.’ దీన్ని మీరు ఎక్కడ కోసినా గారెలు తక్కువ పడవు.

అసలు మీకు మా భాషతో ఏం పేచీ అని అడుగుతున్నాను. ఇంగ్లీషువాడు రానంటే ఆ ‘నాట్’ రెండో మూడో మాటకే వచ్చేస్తుంది. మాకు ఔనూ కాదూ తేలేది చివరి మాటలో. మా బావగారు ఒకసారి ‘రేపు సాయంత్రం గోదావరికి బయల్దేరి ఎల్లుండి పొద్దున్నకల్లా వచ్చేద్దామనుకున్నాను గానీ సెలవు దొరకలేదు, రాలేను’ అని పంపారు. మీరు ‘గోదావరికి బయల్దేరి’ దగ్గర తుంచారు. నేను డ్రైవింగులో ఉన్నాను, అది చూసి సంతోషించాను. తెల్లవారుజామున స్టేషనుకి వెళ్ళి నిలబడ్డాను కూడా. అదే మాటను నోటితో చెప్పేటప్పుడు ఆయన ‘రాలేను బావా, సెలవు దొరకలేదు’ అంటారు. మాట్లాడే తెలుగులో క్రియను ముందుకు తెచ్చుకునే చనువు మాకు ఎప్పటినుంచో ఉంది. రాసేటప్పుడు మాత్రం బడిలో నేర్చుకున్న వాక్యం వచ్చి కూర్చుంటుంది. ఇందులో తప్పు పూర్తిగా మీదే అనను. ముప్పాతిక మీది.

తప్పు దిద్దుకుందామన్నా దారి ఇవ్వరు. ఒకసారి ఎలక్ట్రీషియన్‌కి ‘మంగళవారం కాదు, బుధవారం రండి’ అని పంపాక మర్యాద కోసం వెంటనే ‘సరేనా అండీ?’ అని ఇంకోటి పంపాను. వరుస ఒక్కటే ఉంటే మీరు చివరొచ్చినదాన్ని పైన కూర్చోబెడతారు. ఆయనకు ‘సరేనా అండీ?’ మాత్రమే కనిపించింది. ఆయన ‘సరేనండి’ అన్నారు. మంగళవారం వచ్చారు.

మీకంటే టెలిగ్రాం నయం. మాటకింత అని డబ్బు తీసుకునేది గనక మేమే ఆలోచించి తగ్గించుకునేవాళ్ళం, ‘ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమీడియెట్లీ’ అని. కత్తెర మా చేతిలో ఉండేది. 2013 జూలైలో దాన్ని మూసేశారు, కత్తెర మీ చేతికొచ్చింది. ఇక శుభలేఖ నాలుగు మూలలా పసుపు ఉండేది. కవరు విప్పకముందే మంచి కబురని తెలిసేది, అంతకుమించి తెలిసేది కాదు. ఏది బయట కనబడాలో ఏది లోపల ఉండాలో ఆ పసుపుకి తెలుసు. మీకు తెలియదు.

నా అసలు ఫిర్యాదు ఇది. మీ మాట విని విషయాన్ని మొదటి వరుసలో పెట్టడం అలవాటు చేసుకున్నాను గదా. మా చెల్లెలి కూతురి సంబంధం గురించి పెళ్ళివారు ఫోన్ చేసి చెప్పిన జవాబును అదే పద్ధతిలో చెల్లెలికి పంపాను: ‘వాళ్ళు వద్దన్నారు.’ ఫోను భోజనాల బల్ల మీద, తెర పైకి పెట్టి ఉంది. పిల్ల ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటోంది. అమ్మకంటే ముందు తనే చదివింది. తాళం తీస్తేనే ప్రివ్యూ కనబడేలా ఫోన్ సెట్టింగుల్లో పెట్టుకోవచ్చని నాకు తెలుసు. మా చెల్లెలికి తెలియదు. మీరు చెప్పలేదు.

అందుకే ఆ రోజునుంచి నా దగ్గర రెండు రకాల ఉత్తరాలున్నాయి. అంకె, తేదీ, రావడం, రాకపోవడం అయితే మొదటి మాటలోనే ఉంటుంది, మీరు చూపించుకోవచ్చు. రిపోర్టు, అప్పు, సంబంధం అయితే పాత పద్ధతి: ‘అమ్మా, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను.’ ఆ వరుస పొడుగు మీ వెడల్పు కంటే కాస్త ఎక్కువ ఉండేలా చూసుకుంటున్నాను. ఉభయకుశలోపరి తర్వాతేముందో మీకు చూపించను.

ఇట్లు,
మూడో బంతిలో 80 మందికి గారెలు లేవని చెప్పుకున్న గృహస్థు