ఐదో అంతస్తుకు వీసా

టీసీఎస్ వారి బెంచి నియమం మీరూ చదివే ఉంటారు. ఉద్యోగి ఏడాదికి 225 పనిదినాలు బిల్లు కావాలి, బెంచి మీద 35 రోజులకు మించి కూర్చోకూడదు. అందరూ ఆ 35 దగ్గరే ఆగిపోయారు. నాకు ఒళ్లు మండింది మాత్రం, లోపల పని వెతుక్కోవాల్సిన బాధ్యత ప్రధానంగా ఉద్యోగిదేనన్న ముక్క దగ్గర.

రాసినవారికి తెలియదు కాబోలు, హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో మూడో అంతస్తు నుంచి ఐదో అంతస్తుకు మారాలంటే లిఫ్టు చాలదు. వీసా కావాలి.

మా పక్కింటి కుర్రాడు ఇంకో కంపెనీలో, మూడో అంతస్తు పౌరుడు. బ్యాంకు ప్రాజెక్టుకి టెస్టింగ్ చేస్తాడు. రాత్రుళ్లు కూర్చుని స్పార్క్ నేర్చుకుని, ఐదో అంతస్తులోని డేటా ఇంజినీరింగ్ దేశానికి వలసపోదామనుకున్నాడు. ఇంటర్నల్ పోర్టల్ తెరిచాడు. ముందు పాస్‌పోర్టు అడిగింది: ఉన్న ప్రాజెక్టులో 18 నెలలు నిండాలట. వీడికి 16. నిండేదాకా ఆగాడు, ఈలోగా ఆ ఖాళీ కాస్తా నిండిపోయింది.

మళ్లీ ఒకటి కనబడింది. ఆరేళ్ల అనుభవం, జర్మన్ బీమా క్లయింటుతో పనిచేసి ఉండాలి, పైథాన్‌తో పాటు కోబాల్ కూడా రావాలి, గడువు మూడు రోజులు. ఇది ఉద్యోగ ప్రకటనా? ఎవరో ఒకాయన బయోడేటా! మనిషిని ముందే ఖాయం చేసుకుని, రూలు కోసం పోర్టల్లో పెడతారు. అందుకే ఆఫీసులో నాలుగు చలికాలాలు చూసినవాళ్లు దరఖాస్తు బటన్ నొక్కే ముందు, ఆ ఖాళీ ఎవరిదో ఆ మేనేజర్‌కి మెసేజ్ పెట్టి రెండే అడుగుతారు. క్లయింటు డబ్బు ఖాయమైందా? ఎవర్నైనా అప్పటికే బ్లాక్ చేశారా? నీళ్లు నమిలితే బటన్ జోలికి వెళ్లరు. చాలాచోట్ల ఆ బటన్ నొక్కిన మరుక్షణం మన మేనేజర్‌కే మెయిల్ వెళ్తుంది మరి. పారిపోతున్నామని సొంత దేశపు పోలీసులకు మనమే కబురు పెట్టినట్టు.

మూడో ఖాళీ నిజమైనదే. ఇంటర్వ్యూ అయింది, ఐదో అంతస్తు వీసా కొట్టేసింది. ఇక మిగిలింది స్వదేశం వదలడం. దాన్ని 'రిలీజ్' అంటారు.

"క్లయింటుకి ఏం చెప్పమంటావ్? రీప్లేస్‌మెంట్ రానీ, కేటీ అయిపోనీ, చూద్దాం" అన్నాడు మేనేజర్.

ఆ రీప్లేస్‌మెంట్ ఎప్పుడొస్తాడో ఏ కాగితం మీదా లేదు. అమెరికా వీసాకైతే చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు మొక్కుకుని, వచ్చాక 108 తిరుగుతారు. మూడో అంతస్తు రిలీజ్‌కి ఎన్ని తిరగాలో అక్కడి పూజారులు కూడా చెప్పలేరు.

మేనేజర్ దుర్మార్గుడేం కాదు. అతని దేశానికి వేరే ఖజానా ఉంది. కుర్రాడు లోపలే మారితే మూడో అంతస్తుకు నెలనెలా వచ్చే బిల్లు ఐదుకు పోతుంది, బదులు మనిషిని ఇతనే దేవులాడుకోవాలి. అదే రాజీనామా చేస్తే అట్రిషన్ అంటారు, హెచ్‌ఆర్‌లో కదలిక వస్తుంది, బయటినుంచి మనిషిని తీసుకోవడానికి అనుమతి దొరుకుతుంది. అంటే కంపెనీకి మనిషి మిగిలితే మేనేజర్‌కి నష్టం, కంపెనీకి మనిషి పోతే మేనేజర్‌కి కొంత నయం! పైగా ఏడాది మధ్యలో దేశం మారినవాడికి అప్రైజల్ ఎవరు రాయాలి? పాతాయనకి వీడు వెళ్లిపోయినవాడు, కొత్తాయనకి నిన్నగాక మొన్న వచ్చినవాడు. ఇద్దరి మధ్యా రేటింగ్ గాల్లో కలుస్తుంది. జీతమూ చాలాసార్లు పాతదే.

ఆరు నెలలు చూసి కుర్రాడు బయట ఆఫర్ తెచ్చుకుని రాజీనామా పెట్టాడు. 90 రోజుల నోటీసు, వెళ్లే తేదీ అదే రోజు సిస్టమ్‌లో పడింది. బయటి ప్రపంచానికి తేదీ ఉంది, రెండంతస్తుల పైకి లేదు. చివరి వారం హెచ్‌ఆర్ మేడమ్ పిలిచి ఎంతో బాధగా అడిగింది: "లోపలే ఏదైనా చూసుకోలేకపోయావా?"

సరే, వెక్కిరింత ఆపుతాను. పనిలో ఉన్నప్పుడు కావాలని వెళ్తానంటే మనిషిని ఆరు నెలలైనా వదలరు. ప్రాజెక్టు ముగిసి బెంచి మీద పడ్డాక అదే మనిషికి వారాలు లెక్కపెట్టి, నీ పని నువ్వే వెతుక్కోమంటారు. నైపుణ్యం పెంచుకోలేదని కూడా అతన్నే నిందిస్తారు, పెంచుకున్నప్పుడు కదలనివ్వనివాళ్లే! ఉద్యోగికి 35 రోజుల గడువు రాయడం వచ్చినవాళ్లకి మేనేజర్‌కి రాయడం రాదా? ఇంటర్వ్యూ పాసైన రోజు నుంచి 35 రోజుల్లో వదలకపోతే మనిషి మారిపోయినట్టేనని ఒక్క వాక్యం చేర్చండి. అప్పటిదాకా లోపల వెతుక్కోమని ఎవరికీ బోధించకండి.